కొత్త అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌లోకి పాత లెక్కలు – 3వ పాఠం: సున్నాకు రావాల్సిన ఖాతా

గత పాఠంలో మార్పిడి తేదీ నిర్ణయించుకుని, ఆ రోజు ముగింపుకు పాత పుస్తకాల ట్రయల్ బ్యాలెన్స్ తీసి పెట్టుకున్నాం. ఈసారి దాన్ని కొత్త సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కిద్దాం. మార్పిడి తేదీ ఆర్థిక సంవత్సరం చివరి రోజే కాబట్టి అమ్మకాలు, ఖర్చుల ఖాతాలు మూసేసి ఉన్నాయి. ఆస్తులు, అప్పులు, మూలధనం మాత్రమే మిగిలాయి.

| ఖాతా | డెబిట్ | క్రెడిట్ |
|---|---|---|
| బ్యాంకు | 1,40,000 | |
| కస్టమర్ల నుంచి రావాల్సినవి | 2,35,000 | |
| సరుకు నిల్వ | 3,60,000 | |
| పరికరాలు | 1,50,000 | |
| సప్లయర్లకు ఇవ్వాల్సినవి | | 1,80,000 |
| బ్యాంకు అప్పు | | 2,00,000 |
| కట్టాల్సిన పన్ను | | 25,000 |
| మూలధనం | | 4,80,000 |
| మొత్తం | 8,85,000 | 8,85,000 |

ఈ ఎనిమిది అంకెల్నీ ఒకే జర్నల్‌లో కొట్టేస్తే పని అయిపోయినట్టే కనిపిస్తుంది. కానీ ఆ తర్వాత వసూలు కావాల్సిన ఇన్వాయిస్‌లను ఒక్కొక్కటిగా ఎక్కించక తప్పదు, లేకపోతే డబ్బు వచ్చినప్పుడు ఏ ఇన్వాయిస్‌కు జమ కట్టాలో తెలియదు. ప్రతి ఇన్వాయిస్ కస్టమర్ల ఖాతాను మళ్లీ డెబిట్ చేస్తుంది. చివరికి ఆ ఖాతా 2,35,000 బదులు 4,70,000 చూపిస్తుంది. అయినా ట్రయల్ బ్యాలెన్స్ చక్కగా కలుస్తుంది, ఎందుకంటే ప్రతి ఇన్వాయిస్‌కూ ఎక్కడో ఒక క్రెడిట్ పడే ఉంటుంది. రెండు వైపులూ సమానం కావడం ఇక్కడ దేనికీ రుజువు కాదు.

అందుకే మధ్యలో ఒక తాత్కాలిక ఖాతా పెడతాం. కొన్ని సాఫ్ట్‌వేర్‌లు దాన్ని ముందే ఇస్తాయి. తెరమీద `Opening Balance Equity` అనో `Temporary Opening` అనో కనిపిస్తుంది. లేకపోతే మీరే బ్యాలెన్స్ షీట్ వైపు ఒకటి తెరవండి. ఈ పాఠంలో దాన్ని ప్రారంభ ఖాతా అందాం.

మొదట జర్నల్. ఇందులో కస్టమర్లు, సప్లయర్లు, సరుకు ఉండకూడదు. బ్యాంకు, పరికరాలు డెబిట్ 2,90,000. అప్పు, పన్ను, మూలధనం క్రెడిట్ 7,05,000. తేడా 4,15,000 ప్రారంభ ఖాతాకు డెబిట్. ఆ తర్వాత విడివిడి పత్రాలు ఒక్కో గుంపుగా వెళ్తుంటే ఈ ఖాతా ఇలా కదలాలి:

```
జర్నల్ తర్వాత              4,15,000 డెబిట్
కస్టమర్ ఇన్వాయిస్‌ల తర్వాత   1,80,000 డెబిట్
సప్లయర్ బిల్లుల తర్వాత       3,60,000 డెబిట్
సరుకు తర్వాత                     0
```

ఈ నాలుగు అంకెలూ ముందే కాగితం మీద రాసుకోండి. ఒక గుంపు ఎక్కించాక అంకె కలవకపోతే అక్కడే ఆగండి. అన్నీ ఎక్కించాక వెతకడం కన్నా ఇది చాలా తేలిక.

ఇన్వాయిస్‌ల దగ్గరే ఎక్కువ తప్పులు జరుగుతాయి. ఎక్కించాల్సింది అసలు మొత్తం కాదు, ఇంకా రావాల్సిన మొత్తం. 50,000 ఇన్వాయిస్‌కు 20,000 వచ్చేసి ఉంటే కొత్తదాంట్లో 30,000 మాత్రమే వేయాలి, కానీ పాత నంబరు, పాత తేదీ, పాత గడువు అలాగే ఉంచాలి. అన్నిటికీ మార్పిడి తేదీనే వేస్తే ఆరు నెలల పాత బాకీ కూడా నిన్నటిదిలా కనిపిస్తుంది. సాఫ్ట్‌వేర్‌లో పత్రం తేదీ, పోస్టింగ్ తేదీ వేర్వేరుగా ఉంటే రెండోదానికి మాత్రం మార్పిడి తేదీ ఇవ్వండి.

ఇన్వాయిస్‌లో అసలు వస్తువులు రాయకుండా ఒకే వరుస వేసి, దాని ఖాతా ప్రారంభ ఖాతాగా ఎంచుకోండి. పన్ను కోడ్ ఖాళీగా ఉండాలి. వస్తువు పేరు వేస్తే నిల్వ తగ్గుతుంది, అమ్మకం మళ్లీ నమోదవుతుంది. పన్ను కోడ్ వేస్తే జర్నల్‌లో ఇప్పటికే ఉన్న 25,000కు మరికొంత తోడవుతుంది. పరీక్ష సులువు: ఈ దశ తర్వాత అమ్మకాల ఖాతా సున్నా, పన్ను ఖాతా సరిగ్గా 25,000 చూపించాలి.

ఇక అడ్వాన్సులు. మన ఉదాహరణలో 2,35,000 అంటే ఇన్వాయిస్‌లు 2,47,000, ఒక కస్టమర్ ముందుగా ఇచ్చిన 12,000 పోగా మిగిలింది. ఇన్వాయిస్‌ల జాబితా మాత్రమే ఎగుమతి చేస్తే ఆ 12,000 జారిపోతుంది, చివర్లో ప్రారంభ ఖాతాలో 12,000 క్రెడిట్ మిగులుతుంది. దాన్ని పొరపాటున ఇన్వాయిస్‌గా వేస్తే మిగిలేది 24,000. మామూలు రసీదుగా వేస్తే మళ్లీ 12,000 క్రెడిట్టే మిగులుతుంది, కానీ బ్యాంకు 1,52,000కు పెరిగి ఉంటుంది. సరైన దారి ప్రారంభ ఖాతా మీద క్రెడిట్ నోట్. మిగిలిన అంకెను, దాని సగాన్ని పాత జాబితాలో వెతకడం అందుకే అలవాటు చేసుకోవాలి: సగం దొరికిందంటే ఏదో తిరగబడిందన్నమాట.

సప్లయర్ బిల్లులకూ ఇదే పద్ధతి, దిశ మాత్రం వ్యతిరేకం.

సరుకును లెడ్జర్ అంకెగా కాకుండా వస్తువు వారీగా, పరిమాణం, ధరతో నిల్వ సర్దుబాటు పత్రంలో ఎక్కించాలి. ఎదురు ఖాతాగా ప్రారంభ ఖాతా ఇవ్వండి. చాలా సాఫ్ట్‌వేర్‌లలో అది అమ్మిన సరుకు ఖర్చు ఖాతాగా దానంతటదే పడి ఉంటుంది. మార్చకపోతే ఆ మొత్తం ఖర్చు ఖాతాలో క్రెడిట్‌గా కూర్చుని కొత్త లాభాన్ని ఉబ్బిస్తుంది. ధర అంటే కొన్న ధర, అమ్మే ధర కాదు.

మన దగ్గర మూడు వస్తువులు: 400 × 375 = 1,50,000; 1,200 × 100 = 1,20,000; మూడోది 700 ముక్కలు, విలువ 90,000. మూడోదానికి ముక్క ధర 128.5714... సాఫ్ట్‌వేర్ రెండు దశాంశాలకే ఆగితే 700 × 128.57 = 89,999. ప్రారంభ ఖాతాలో 1 డెబిట్ మిగిలిపోతుంది. జర్నల్‌తో సరుకు ఖాతాకు 1 కలపాలనిపిస్తుంది, కలపకండి. లెడ్జర్ సరిపోతుంది గానీ నిల్వ రిపోర్టు 1 తక్కువ చూపిస్తూ ఉంటుంది, ఆ తేడా ప్రతి నెలా అడుగుతుంది. మొత్తం విలువ ఇచ్చే వీలుంటే 90,000 నేరుగా ఇవ్వండి. లేకపోతే రెండు వరుసలు చేయండి: 699 ముక్కలు 128.57 చొప్పున 89,870.43, ఒక్క ముక్క 129.57. రెండూ కలిపితే పైసాతో సహా 90,000.

ఇప్పుడు ప్రారంభ ఖాతా సున్నా. అయినా ఒక తప్పును అది పట్టలేదు: ఒకరి ఇన్వాయిస్ ఇంకొకరి పేరు మీద పడటం. కాబట్టి కస్టమర్ వారీ, సప్లయర్ వారీ బాకీల జాబితాలను పాతవాటితో పేరు పేరునా పోల్చండి. నిల్వ రిపోర్టు మొత్తం 3,60,000 ఉందో లేదో చూడండి. బ్యాంకు లెక్కలో పుస్తకాల నిల్వే వాడాం గనక, ఇంకా బ్యాంకులో మారని చెక్కుల జాబితా విడిగా దగ్గర పెట్టుకోండి. మొదటి బ్యాంకు సరిపోల్చడంలో అవి కావాలి. అన్నీ కలిశాక మార్పిడి తేదీ వరకు కాలాన్ని లాక్ చేయండి.

అభ్యాసం: పై లెక్కల్లోనే అన్నీ ఎక్కించాక ప్రారంభ ఖాతాలో 36,000 డెబిట్ మిగిలింది. సప్లయర్ల ఖాతా 2,16,000 చూపిస్తోంది, బ్యాంకు సరిగ్గానే ఉంది. పాత సప్లయర్ జాబితాలో 36,000 అంకె ఎక్కడా లేదు, 18,000 మాత్రం ఒకచోట ఉంది. ఆ 18,000 పాత పుస్తకాల్లో ఎలాంటి పత్రం, కొత్తదాంట్లో ఏమని ఎక్కింది? జవాబు 4వ పాఠం మొదట్లో.