పిల్లల మోకాలిలో ఓసీడీ: ఎంఆర్ఐలో తెల్ల గీత కనబడగానే ఆపరేషన్ అనకండి

సమస్య: బాగా ఆటలాడే 12, 13 ఏళ్ల పిల్లలకు నెలల తరబడి మోకాలి నొప్పి. ఎక్కడో వేలు పెట్టి చూపించలేరు. దెబ్బ తగిలిన గుర్తు ఉండదు. ఎక్స్-రే నార్మల్ అని ఇంటికి పంపేసి ఉంటారు.

ముందు చూడాల్సింది: మోకాలు వంచి తీసే టన్నెల్ వ్యూ తీశారా? ఓసీడీ అంటే ఆస్టియోకాండ్రైటిస్ డిసెకాన్స్, మృదులాస్థి కింది ఎముక ముక్క దెబ్బతిని వదులయ్యే జబ్బు. ఇది ఎక్కువగా తొడ ఎముక లోపలి గుబ్బ మీద, మధ్య గాడి వైపు అంచున వస్తుంది. కాలు చాపి తీసిన ఫిల్మ్‌లో అది దాగిపోవచ్చు. ఈ ఒక్క ఫిల్మ్ లేకుండా వచ్చినవాళ్లను ఎంతమందిని చూశానో! తుంటిని కూడా ఒకసారి తిప్పి చూడండి, అక్కడి జబ్బు మోకాలి నొప్పిగా బయటపడుతుంది.

నన్ను తప్పుదారి పట్టించిన గీత: ఓ 12 ఏళ్ల అబ్బాయి, ఫుట్‌బాల్ ఆడతాడు. ఎంఆర్ఐ రిపోర్టులో 'అస్థిరం' అని ఉంది. ద్రవం తెల్లగా కనబడే టీ2 చిత్రంలో ముక్క కింద తెల్ల గీత, పక్కన 3 మిల్లీమీటర్ల నీటి తిత్తి ఒకటి. పెద్దవాళ్లలో అయితే ఆ గీత చాలు, ముక్క కదులుతోందని అనుమానించడానికి. అంతకుముందు ఇలాంటి గీతనే నమ్మి మరో పిల్లాడికి ఆర్థ్రోస్కోపీ చేశాను. ప్రోబ్‌తో నొక్కితే ముక్క గట్టిగా ఉంది, మృదులాస్థి చెక్కుచెదరలేదు.

ఎముక పొడవు పెరిగే చోటు, అంటే గ్రోత్ ప్లేట్, ఇంకా మూసుకోని పిల్లల్లో ఆ తెలుపు మానుతున్న కణజాలానిది కూడా కావచ్చు. అందుకే ఇప్పుడు గ్రోత్ ప్లేట్ తెరిచే ఉందా అని ముందు చూస్తాను. తర్వాత గీత తెలుపును అదే చిత్రంలోని కీలు ద్రవంతో పోలుస్తాను. ద్రవమంత తెల్లగా ఉంటే, లేదా దాని బయట నల్లటి అంచు ఉంటే, లేదా మృదులాస్థి కింది ఎముక పొర ఒకటికి మించిన చోట్ల తెగితే, తిత్తులు చాలా ఉంటే లేదా 5 మిల్లీమీటర్లు దాటితే అస్థిరమనే అనుకోవాలి. ఈ అబ్బాయి గీత ద్రవం కంటే మసకగా ఉంది. నల్ల అంచు లేదు, ఎముక పొర తెగలేదు.

పరిష్కారం: అతనికి ఆపరేషన్ చేయలేదు. 6 వారాలు చంకకర్రలు, ఆ తర్వాత నడక మాత్రమే, పరుగు, గెంతుడు పూర్తిగా బంద్. ఆట మాన్పించడమే అన్నిటికంటే కష్టం, తల్లిదండ్రులతో కూర్చుని మాట్లాడాలి. 3 నెలలకు ఎక్స్-రేలో అంచు పూడటం మొదలైంది, 6 నెలలకు నిండింది. అప్పటికీ మానకపోతే సన్నటి డ్రిల్‌తో రంధ్రాలు వేసి రక్తం చేరేలా చేస్తాం.

ముక్క నిజంగా కదులుతుంటే విశ్రాంతితో కాలం వృథా చేయకూడదు. దాని కింద శుభ్రం చేసి, అవసరమైతే ఎముక పొడి నింపి, స్క్రూలతో బిగించాలి. మోకాలు ఇరుక్కుపోతుంటే ముక్క ఊడి తిరుగుతోందేమో వెంటనే చూడాలి. అది బిగించడానికి పనికిరాకపోతేనే తీసేసి, ఆ గుంటకు మృదులాస్థి చికిత్స ఆలోచించాలి.

పదేళ్ల లోపు పిల్లల్లో గుబ్బ వెనక భాగం గరుకుగా కనబడటం చాలాసార్లు ఎదుగుదలలో భాగమే. చుట్టూ ఎముకలో వాపు లేకపోతే దాని జోలికి వెళ్లకండి.