మూత్రం ముదురు రంగులో వస్తోందా? నీళ్లు చాలకనా, మరేదైనా జబ్బా?

సమస్య: ఎండలో పనిచేశాక మూత్రం తేనె రంగులో, కొద్దిగానే వస్తోంది

మూత్రానికి పసుపు రంగునిచ్చేది యూరోబిలిన్ అనే పదార్థం. పాత ఎర్ర రక్తకణాలు విరిగినప్పుడు పుట్టే వ్యర్థం ఇది. చెమట ఎక్కువగా పోయి ఒంట్లో నీళ్లు తగ్గితే కిడ్నీలు నీటిని పొదుపు చేస్తాయి. ఆ రంగంతా తక్కువ నీళ్లలో చిక్కబడుతుంది.

ఉదాహరణకు, మే నెలలో స్లాబ్ పనికి వెళ్లిన మనిషి ఉదయం 8 నుంచి మధ్యాహ్నం 2 దాకా రెండు గ్లాసుల నీళ్లు, రెండు టీలతో గడిపాడనుకుందాం. మూత్రం తేనె రంగులో వచ్చింది. నీడన కూర్చోబెట్టి, లీటరు నీళ్లలో ఒక పెద్ద ఓఆర్ఎస్ ప్యాకెట్ మొత్తం కలిపి, గంటా రెండు గంటల్లో కొంచెం కొంచెంగా తాగించాలి. సాయంత్రానికి లేత పసుపుకి వస్తే నీళ్లు చాలకే అలా వచ్చిందని అర్థం. కిడ్నీ, గుండె జబ్బులకు నీళ్లు కొలిచి తాగమని డాక్టర్ చెప్పినవాళ్లు మాత్రం ముందు ఆయన్ని అడగాలి.

రంగు చూడటంలోనే చాలామంది పొరబడతారు. కమోడ్‌లో నీళ్లు కలిసి రంగు పలచగా కనిపిస్తుంది. పారదర్శకమైన సీసాలో పట్టి, వెనక తెల్ల కాగితం పెట్టి పగటి వెలుతురులో చూడండి. నిద్ర లేవగానే వచ్చేది ఎవరికైనా ముదురుగానే ఉంటుంది, దాన్ని లెక్కలోకి తీసుకోకండి.

సమస్య: నీళ్లు బాగా తాగినా రంగు మారలేదు

ముందు మందులు గుర్తు చేసుకోండి. బి-కాంప్లెక్స్ మాత్రలతో మెరిసే పసుపు వస్తుంది. టీబీకి ఇచ్చే రిఫాంపిసిన్‌తో నారింజ ఎరుపు వస్తుంది. ఇవి మామూలే, భయపడి టీబీ మందు ఆపేయకండి.

ఇవేవీ లేకుండా టీ డికాషన్ రంగులో వస్తుంటే అద్దంలో కళ్లు చూసుకోండి. తెల్లగుడ్డు పచ్చబడితే కామెర్లు. మలం కూడా సున్నంలా పాలిపోతే పైత్యరసం దారి మూసుకుపోయి ఉండొచ్చు. వెంటనే రక్త పరీక్ష, అవసరమైతే స్కానింగ్ చేయించాలి.

ఎరుపు లేదా కడిగిన మాంసం నీళ్ల రంగు కనిపిస్తే, ముందురోజు బీట్‌రూట్ తినలేదంటే, రక్తమేనని అనుకోవాలి. నొప్పి లేదని ఊరుకోవద్దు. మూత్రాశయ క్యాన్సర్‌లో తరచూ నొప్పి లేకుండానే రక్తం పడుతుంది. ఒక్కసారి పడి ఆగిపోయినా చూపించుకోవాల్సిందే.

సమస్య: ఎండలో కష్టపడ్డాక కోలా రంగు, తొడల్లో విపరీతమైన నొప్పి

కండరం దెబ్బతిని, దానిలోని మయోగ్లోబిన్ అనే ప్రోటీన్ రక్తంలోకి వచ్చి కిడ్నీలను దెబ్బతీస్తోందేమోనని అనుమానించాలి. ఇంట్లో ఓఆర్ఎస్ తాగుతూ కూర్చోవద్దు, అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. ఎనిమిది గంటలుగా మూత్రమే రాకపోయినా, మనిషి మగతగా ఉన్నా అంతే. ఒళ్లు నొప్పులకని మందుల షాపులో డైక్లోఫెనాక్ లాంటి మాత్ర అడిగి వేసుకోకండి. నీళ్లు తగ్గిన ఒంట్లో అది కిడ్నీకి రక్తం అందడాన్ని ఇంకా తగ్గిస్తుంది.