పెళ్లిళ్ల సీజన్ మొదలయ్యేలోపు స్టూడియో ఫోటోలు సర్వర్లో సర్దుకునేవాళ్లకి జాగ్రత్తలు

పుష్యమాసంలో పెళ్లిళ్లు ఉండవు కాబట్టి ఫోటో స్టూడియో సైట్లు చూసుకునేవాళ్లకి స్టోరేజ్ పని పెట్టుకోవాలంటే అదే టైమ్, మాఘం ముహూర్తాలు మొదలయ్యాక ముట్టుకోకండి. లెక్క చూడండి, ఒక పెళ్లికి సెలెక్షన్ కోసం 3000 ఫోటోలు, ఒక్కోటి 8 ఎంబీ, అంటే 24 జీబీ. ఇరవై పెళ్లిళ్లకి 480 జీబీ. 500 జీబీ డిస్క్ పెట్టుకున్న సర్వర్ అక్కడికే నిండిపోతుంది, అదే డిస్క్ మీద డేటాబేస్ కూడా ఉంటే రాయడానికి చోటు లేక అది కూడా ఆగిపోతుంది, అప్పుడు ఫోటోలే కాదు కస్టమర్ లాగిన్ కూడా అవ్వలేడు.

అప్పుడు అందరూ చేసేది ఏంటంటే ఇంకో సర్వర్ పెట్టి అదే డిస్క్ దానికి కూడా తగిలిద్దాం అనుకుంటారు, లేకపోతే అన్నీ తీసుకెళ్లి ఎస్3 లాంటి ఆబ్జెక్ట్ స్టోరేజ్ బకెట్లో పడేద్దాం అనుకుంటారు. రెండూ దెబ్బకొడతాయి. ఎందుకో తెలియాలంటే బ్లాక్, ఫైల్, ఆబ్జెక్ట్ స్టోరేజ్ తేడా తెలియాలి. నేనైతే ఒక్క ప్రశ్నతో గుర్తుపెట్టుకుంటా, ఏ వస్తువు ఎక్కడుందో చెప్పే ఇండెక్సు ఎవరి దగ్గరుంది?

బ్లాక్ స్టోరేజ్ అంటే పేజీ నంబర్లు మాత్రమే వేసి ఉన్న తెల్ల నోటుబుక్కు. ఏ పేజీలో ఏముందో ఆ పుస్తకానికి తెలీదు, ఇండెక్సు రాసుకునేది, చదువుకునేది మీ సర్వరే. మీ లాప్‌టాప్‌లో డిస్క్ ఇదే, క్లౌడ్లో ఈబీఎస్ ఇదే. డేటాబేస్‌కి ఇది తప్ప వేరేది పెట్టొద్దు, ఎందుకంటే ఒక కస్టమర్ ఒక ఫోటోకి టిక్ కొడితే మారేది కొన్ని కేబీలే, ఆ పేజీ ఒక్కటే తిరగరాస్తే సరిపోతుంది.

మరి ఆ నోటుబుక్కులో ఇద్దరు ఒకేసారి రాస్తే? మొదటి సర్వర్ ఇండెక్సుని తన మెమరీలో పెట్టుకుని పని చేస్తుంది, రెండో సర్వర్ కూడా అంతే, ఒకళ్లు ఏం రాశారో ఇంకొకళ్లకి తెలీదు కాబట్టి 812వ పేజీ ఖాళీ అని ఇద్దరూ అనుకుని ఇద్దరూ దానిమీదే రాస్తారు. ext4 లాంటి మామూలు ఫైల్‌సిస్టమ్ ఇలా ఇద్దరి కోసం చేసింది కాదు, క్లౌడ్ వాళ్లు కొన్ని రకాల డిస్కులు రెండు సర్వర్లకి తగిలించనిస్తారు గానీ తగిలింది కదా అని నమ్మొద్దు. గుర్తు ఏంటంటే మొదట్లో ఎర్రర్ ఏమీ రాదు, ఒక సర్వర్లో ఎక్కించిన ఫోటో రెండో దాంట్లో కనిపించదు, రీస్టార్ట్ చేస్తే కనిపిస్తుంది, అందుకే చాలామంది కాష్ సమస్య అనుకుంటారు. కొన్నాళ్లకి `Structure needs cleaning` అని వస్తుంది. అది వచ్చేసరికి కొన్ని ఫోటోలు పోయినట్టే, `fsck` నడిపితే మిగిలినవాటిలో కొన్ని పేర్లు లేకుండా `lost+found` లో పడతాయి. ఏ పెళ్లి ఫోటో ఏదో వెతుక్కోవడం ఎంత నరకమో నాకు తెలుసు, ఒక స్టూడియోకి రెండు రాత్రులు కూర్చుని చేశాను.

ఇద్దరు ముగ్గురు ఒకే ఫోల్డర్లో పని చేయాలంటే కావాల్సింది ఫైల్ స్టోరేజ్. ఇది రికార్డు రూమ్ లాంటిది, ఇండెక్సు మీ దగ్గర కాదు, అక్కడ కూర్చున్న గుమస్తా దగ్గర ఉంటుంది, ఎవరు అడిగినా ఆయనే తీసిస్తాడు, ఆయనే లోపల పెడతాడు. స్టూడియోలో డిజైనర్లందరూ ఆల్బమ్ ఫైళ్లు తెరిచే నాస్ బాక్స్ ఇదే, క్లౌడ్లో ఈఎఫ్ఎస్ ఇదే. ఒక జీబీ ఆల్బమ్ ఫైల్ని తెరిచి కొంచెం మార్చి సేవ్ చేసే పనికి ఇదే సరైనది.

దీంతో ఒక్క ప్రమాదం బాగా గుర్తుంచుకోండి. సర్వర్ రీబూట్ అయినప్పుడు ఏదో కారణంతో షేర్ మౌంట్ అవ్వకపోతే, `/srv/album` అనే ఖాళీ ఫోల్డర్ మాత్రం లోకల్ డిస్క్ మీద ఉంటుంది కదా, సైట్ దాంట్లోనే ఫైళ్లు రాసుకుంటూ పోతుంది, ఎవరికీ ఏమీ తెలీదు. మర్నాడు మీరు మౌంట్ చేస్తే ఆ ఫైళ్లన్నీ మౌంట్ కింద దాక్కుంటాయి, పోయాయి అనుకుంటారు. పోలేదు, అన్‌మౌంట్ చేసి చూస్తే ఉంటాయి. ఇది జరగకుండా మౌంట్ చేయకముందే, ఫోల్డర్ ఖాళీగా ఉన్నప్పుడే మొదటి లైను కొట్టండి, తర్వాత ప్రతి రీబూట్‌కి రెండోది.

```
sudo chattr +i /srv/album
findmnt /srv/album
```

మొదటిదానివల్ల షేర్ లేనప్పుడు ఎవరూ అక్కడ రాయలేరు, అప్‌లోడ్ ఎర్రర్ కనిపిస్తుంది, అదే మనకి కావాలి. రెండోది ఏమీ చూపించకపోతే షేర్ తగల్లేదని అర్థం.

ఇక ఆ 480 జీబీ సెలెక్షన్ ఫోటోలు. వీటిని ఎవరూ మార్చరు, ఒకసారి ఎక్కిస్తారు, వందసార్లు చూస్తారు. ఇలాంటివాటికి ఆబ్జెక్ట్ స్టోరేజ్, అంటే ఎస్3 లాంటివి. తిరుమలలో లగేజ్ కౌంటర్లో బ్యాగు ఇచ్చి టోకెన్ తీసుకుంటాం చూడండి, అదే. బ్యాగు ఏ అరలో పెట్టారో మనకి అక్కర్లేదు, టోకెన్ చూపిస్తే బ్యాగు వస్తుంది. కానీ లోపలికెళ్లి బ్యాగులో చొక్కా మార్చడం కుదరదు, మార్చాలంటే బ్యాగు మొత్తం తీసుకుని, మార్చి, మళ్లీ మొత్తం ఇవ్వాలి. అందుకే బకెట్‌ని డ్రైవ్ లాగా మౌంట్ చేసి దాని మీద డేటాబేస్ గానీ ఆల్బమ్ ఫైళ్లు గానీ పెట్టొద్దు, చిన్న మార్పుకి కూడా జీబీ ఫైల్ మొత్తం మళ్లీ ఎక్కాలి.

ఇంకోటి, మామూలు బకెట్లో ఫోల్డర్లు అనేవి నిజంగా ఉండవు. `pelli-118/DSC_0412.jpg` అనేది మొత్తం ఒకే టోకెన్ పేరు, మధ్యలో గీత కూడా పేరులో భాగమే. నాస్‌లో ఫోల్డర్ పేరు మార్చడం క్షణం పని, ఇక్కడ 3000 ఫోటోల్ని కొత్త పేరుతో కాపీ చేసి 3000 పాతవి తీసేయడం, అది మధ్యలో ఆగితే సగం ఇక్కడ సగం అక్కడ. కాబట్టి పేర్లు కస్టమర్ పేరుతో కాకుండా బుకింగ్ నంబర్‌తో ముందే ఖాయం చేసుకోండి.

తరలించేటప్పుడు వరస ఇలా పెట్టుకోండి. ముందు డిస్క్ స్నాప్‌షాట్, డేటాబేస్‌కి విడిగా డంప్. తర్వాత బకెట్లో వెర్షనింగ్ ఆన్ చేయండి, పొరపాటున చెరిపినా, మీద రాసినా పాతది వెనక్కి వస్తుంది (పాత వెర్షన్లకి కూడా బిల్లు పడుతుంది, అది తెలిసే ఆన్ చేయండి). తర్వాత కొత్త అప్‌లోడ్లు నేరుగా బకెట్‌కి వెళ్లేలా సైట్ మార్చి, అప్పుడు పాతవి `sync` తో ఎక్కించండి, `--delete` మాత్రం వాడొద్దు. స్టూడియో ఆఫీసు నుంచి ఎక్కిస్తుంటే 40 ఎంబీపీఎస్ అప్‌లోడ్ లైన్‌కి ఒక్క పెళ్లి గంటా ఇరవై నిమిషాలు పడుతుంది, ఆ లెక్కన ఇరవై పెళ్లిళ్లకి ఒక రోజు మించిపోతుంది, రాత్రికి అయిపోతుందని ఎవరికీ మాటివ్వొద్దు. అయ్యాక ఇది కొట్టండి.

```
aws s3 sync /srv/photos s3://BUCKET/photos --dryrun
```

ఏ లైనూ రాకపోతే ఎక్కాల్సినవి మిగల్లేదని అర్థం, కానీ ఇది చూసేది సైజూ తేదీ మాత్రమే, లోపల ఏముందో చూడదు, కాబట్టి ప్రతి పెళ్లిలో ఐదారు ఫోటోలు దించి `sha256sum` తో పాతవాటితో పోల్చండి.

అన్నీ సరిపోయాక డిస్క్ మీద ఫోటోలు చెరిపేస్తే బిల్లు తగ్గుతుందనుకోకండి. బకెట్‌కి వాడినంత స్థలానికి కడతాం గానీ బ్లాక్ డిస్క్‌కి తీసుకున్నంతకీ కట్టాలి, 40 జీబీ వాడినా 500కి పడుతుంది, ఈబీఎస్ డిస్క్‌ని పెంచొచ్చు గానీ కుదించడం లేదు. కొత్తగా 80 జీబీ డిస్క్ తీసుకుని, డేటాబేస్ ఆపి దాన్ని అందులోకి మార్చి, సైట్ లేపి, ఒక టెస్ట్ కస్టమర్‌తో లాగిన్ అయ్యి పది ఫోటోలకి టిక్ కొట్టి చూడండి. పాత డిస్క్ తీసేయండి, దాని స్నాప్‌షాట్ మాత్రం మాఘం ముహూర్తాలు అయ్యేదాకా ఉంచండి.