శేషంతో వారం, మూడో పాఠం: మొదటి రోజు ఒకటా, సున్నానా?

పోయిన పాఠం చివర ఒక లెక్క ఇచ్చాను. సోమవారం అయ్యప్ప మాల వేసుకున్న స్వామికి నలభై ఒకటో రోజు ఏ వారం? ఎక్కువమంది ఆదివారం అని రాశారు. జవాబు శనివారం. భాగహారం ఎవరూ తప్పు చేయలేదు. 41ని 7తో భాగిస్తే శేషం 6, సోమవారం నుంచి ఆరు రోజులు ముందుకెళితే ఆదివారమే. కానీ భాగించాల్సింది 41ని కాదు, 40ని.

కొత్త పాఠం వచ్చేసారి చెబుతాను, ముందు ఇది తేలాలి. మన ఇళ్లలో రోజుల్ని రెండు రకాలుగా లెక్కపెడతాం. దీక్షలో, పురుడులో మొదటి రోజే ఒకటి. "అయిదు రోజులు పోయాక రా" అన్నప్పుడు మాత్రం ఈరోజు సున్నా, రేపు ఒకటి. శేషం పద్ధతికి ఈ రెండోదే కావాలి. మధ్యలో ఎన్ని రాత్రులు గడుస్తాయో అదే దానికి లెక్క. నలభై ఒకటో రోజుకి చేరేసరికి గడిచేవి నలభై రాత్రులు. అందుకే "ఎన్నో రోజు" అని అడిగితే ముందు ఒకటి తీసేయాలి, "ఎన్ని రోజుల తర్వాత" అంటే తీయకూడదు.

మర్రిపాలెంలో మా పక్కింటి కుర్రాడు ఇక్కడే తడబడి, ఇరుముడి రోజుని ఒక రోజు ఆలస్యంగా లెక్కేసుకున్నాడు. గోడ క్యాలెండర్ దింపి, అతను మాల వేసుకున్న గడిలో పెన్సిల్‌తో 1 రాయమన్నాను. తర్వాత, "నువ్వు చేసిన లెక్కలోనే 41 బదులు 1 పెట్టు" అన్నాను. ఒకటో రోజు మంగళవారం అని వచ్చింది. పెన్సిల్ గీత మాత్రం సోమవారం గడిలో ఉంది. మీకు అనుమానం వచ్చినప్పుడల్లా ఇలాగే 1 పెట్టి చూడండి, తప్పు వెంటనే బయటపడుతుంది.

నేనైతే అసలు భాగించను. నోటికొచ్చిన ఏడో ఎక్కం తీసేస్తూ పోతాను. 100లో 70 తీస్తే 30, అందులో 28 తీస్తే 2. క్యాలిక్యులేటర్ వద్దు, అది చూపించే 14.2857లో శేషం కనిపించదు.

హుద్‌హుద్ తుఫాను మన విశాఖని తాకింది 2014 అక్టోబర్ 12న, ఆదివారం. దానికి వంద రోజుల తర్వాత మంగళవారం, 2015 జనవరి 20. తుఫాను రోజుతో కలిపి వందో రోజు అంటే 99 రాత్రులు, శేషం 1, సోమవారం, జనవరి 19. రెండూ సరైనవే, అడిగిన ప్రశ్నలే వేరు.

ఇక అభ్యాసం. కొంచెం పెద్దదే, కాగితం తీసుకోండి. 1947 ఆగస్టు 15 శుక్రవారం. అక్కడి నుంచి 1950 జనవరి 26 ఏ వారమో చెప్పాలి. 1948 లీపు సంవత్సరమని మర్చిపోవద్దు. రోజులు 895 వస్తే ముందుకెళ్లండి. 896 వచ్చిందంటే ఆగస్టు 15ని కూడా కలిపేశారన్నమాట.