వరలక్ష్మీ వ్రతానికి వెండి కడిగే ముందు: ఫాయిల్, వంటసోడా నీళ్లతో జాగ్రత్తలు

శ్రావణ మాసం దగ్గరపడగానే బీరువాలోంచి పట్టీలు, చెంచాలు నల్లగా బయటికొస్తాయి. ఆ నలుపు మురికి కాదు. గాలిలోని గంధకపు వాయువులు వెండితో కలిసి ఏర్పడిన సిల్వర్ సల్ఫైడ్. పళ్లపొడితో రుద్దితే దానితోపాటు వెండి కూడా అరుగుతుంది. ఫాయిల్ పద్ధతిలో అల్యూమినియం తాను కరుగుతూ ఆ నలుపును తిరిగి వెండిగా మారుస్తుంది.

3Ag₂S + 2Al + 6H₂O → 6Ag + 2Al(OH)₃ + 3H₂S

చివరిదే కుళ్లిన గుడ్డు వాసన వేసే వాయువు. ఇంట్లో వచ్చేది కొద్దిగానే అయినా కిటికీలు తెరిచి ఉంచండి, గిన్నె మీద మూత పెట్టకండి.

ముందు ఏవి ముంచకూడదో తీసి పక్కన పెట్టండి. రాళ్లు, ముత్యాలు, మీనా పని, బంగారు పూత ఉన్నవి వద్దు. చెక్కడం కనబడాలని కావాలనే నలుపు పట్టించిన పట్టీలైతే అసలే వద్దు, ఆ నలుపు కూడా పోయి నగిషీ వెలవెలబోతుంది. పిడి గుల్లగా ఉన్న కత్తులనూ పక్కన పెట్టండి. లోపల పోసిన లక్కలాంటి పదార్థం వేడికి మెత్తబడి పిడి వదులవుతుంది.

ఒక జత పట్టీలు, ఆరు చెంచాలకు 2 లీటర్ల నీళ్లు చాలు. ముందుగా వాటిని సబ్బుతో కడిగి జిడ్డు వదిలించండి. లోతైన స్టీలు గిన్నె లోపల ఫాయిల్ పరిచి, వెండిని దానికి తగిలేలా పెట్టండి. ఎనిమిది టేబుల్ స్పూన్ల వంటసోడా చల్లి, మరిగించిన నీళ్లు నెమ్మదిగా పొయ్యండి. ఒక్కసారి పోస్తే నురగ పొంగి చేతుల మీద పడుతుంది. నీళ్లలో సోడా ఉండటం వల్ల ఫాయిల్ మీద ఎప్పుడూ ఉండే ఆక్సైడ్ పొర తొలగుతుంది, కరెంటు పారే దారి కూడా ఏర్పడుతుంది. ఫాయిల్ బదులు అల్యూమినియం గిన్నెనే వాడితే గిన్నె మచ్చలు పడి పాడవుతుంది. నిమ్మరసం కలిపితే సోడా విరిగి పని చెయ్యదు.

రెండు మూడు నిమిషాల్లో తేడా తెలుస్తుంది. ఒకవైపే తెల్లబడితే ఆ రెండోవైపు ఫాయిల్‌కు తగల్లేదన్నమాట, పటకారుతో తిప్పండి. అస్సలు మారకపోతే నీళ్లు చల్లారి ఉంటాయి, లేదా జిడ్డు మిగిలి ఉంటుంది. ఫాయిల్ మసకబారిపోతే కొత్త ముక్క వెయ్యండి.

తీశాక మామూలు నీళ్లలో బాగా కడగండి. మువ్వల పట్టీల విషయంలో ఇక్కడే ఎక్కువమంది పొరబడతారు. మువ్వల లోపల నిలిచిన సోడా నీళ్లు ఆరాక తెల్లటి పొడి కడుతుంది, లోపలి గుండ్లు ఇనుపవైతే తుప్పు పట్టి మోత మందగిస్తుంది. రెండు మూడు సార్లు మంచినీళ్లలో ముంచి, విదిలించి, నూలుగుడ్డ మీద ఫ్యాను కింద రాత్రంతా ఆరనివ్వండి.

మెరుపు అద్దంలా రాకపోవచ్చు. తిరిగి ఏర్పడిన వెండి పొర కాస్త గరుకుగా, పాలతెలుపుగా ఉంటుంది, మెత్తటి గుడ్డతో తేలిగ్గా రుద్దితే సరిపోతుంది. అక్కడక్కడా ఎరుపు కనిపిస్తే అది ఆ వెండిలో కలిపిన రాగి. దాన్ని కంసాలి దగ్గర మెరుగు పెట్టించాల్సిందే.