సైటు నోట్‌బుక్ - 3వ పాఠం: కాంక్రీటుకు ముందు స్లాబు మీద

గత పాఠంలో పునాది గుంతను అంచుకు దూరంగా నిలబడే ఎలా నమోదు చేయాలో చూశాం. ఈసారి పైకి వెళ్దాం. సెంట్రింగ్ పూర్తయింది, కడ్డీలు కట్టడం దాదాపు అయిపోయింది, రేపు కాంక్రీటు పోస్తారు. ఇవాళ మీరు చూడనిది రేపటి నుంచి ఎవరికీ కనిపించదు. అందుకే ఈ తొందరలో ఇంటర్న్‌లు కాళ్ల కింద చూసుకోవడం మరిచిపోతారు.

నేను మరిచిపోయాను. మొత్తం స్లాబు ఒకే ఫొటోలో రావాలని ఫోను తెర చూస్తూ రెండు అడుగులు వెనక్కి వేశాను. కడ్డీలు కట్టే మేస్త్రి నా భుజం పట్టి ఆపాడు. వెనుక పైపుల కోసం వదిలిన ఖాళీ ఉంది. దానిమీద పరిచిన పలకకు మేకులు లేవు. అప్పటినుంచి నాకు ఒకటే నియమం: నడిచేటప్పుడు రాయను, రాసేటప్పుడు నడవను. వెనక్కి జరిగితే తప్ప ఫొటో రాదంటే ఆ ఫొటో తీయను. విశాలమైన దృశ్యం కావాలంటే మెట్ల దగ్గరి నుంచి ముందే తీసుకుంటాను.

పైకి ఎక్కాక మొదట సైటు ఇంజినీరు చూపిన నడక పలకల మీదే వెళ్లండి. పై కడ్డీల మీద కాలు వేస్తే మీరు పడటమే కాదు, అవి కిందికి కుంగి, ఉండాల్సిన ఎత్తు తప్పుతాయి. చూడటానికి వచ్చినవారే తప్పు పుట్టించినట్టు అవుతుంది. తల వంచి కొలుస్తారు కాబట్టి హెల్మెట్ పట్టీ గడ్డం కింద బిగించండి. ఫోనుకు తాడు కట్టి మెడలో వేసుకోండి, అంచు మీదుగా జారితే కింద ఎవరి తల ఉంటుందో తెలియదు. స్తంభాల నుంచి పైకి పొడుచుకొచ్చిన కడ్డీలకు టోపీలు లేకపోతే వాటి పక్కన వంగి కూర్చోకండి. క్రేను బరువుతో మీవైపు తిరిగితే పుస్తకం మూసి పక్కకు రండి.

ఇప్పుడు ఒక కొలత చూద్దాం. డ్రాయింగులో కడ్డీల మధ్య దూరం 150 మి.మీ. అని ఉంది. ఒక్క సందు కొలిచి రాస్తే అది మీకు నచ్చిన సందే అవుతుంది. బదులుగా 11 కడ్డీలు ఎంచుకుని, మొదటి కడ్డీ ఎడమ అంచు నుంచి 11వ కడ్డీ ఎడమ అంచు వరకు టేపు పెట్టండి. రెండు వైపులా ఎడమ అంచే కాబట్టి కడ్డీ మందం లెక్కలోకి రాదు. 1,540 మి.మీ. వచ్చిందనుకుందాం. సందులు 10, సగటు 154. బాగానే ఉందనిపిస్తుంది. కానీ కంటికి ఒక సందు వెడల్పుగా కనిపిస్తోంది. విడిగా కొలిస్తే 210. మిగతా తొమ్మిదింటి సగటు 148 కంటే తక్కువే. సగటు ఆ ఒక్క సందును దాచేసింది. రెండు అంకెలూ రాయాలి.

అక్కడే కరెంటు పైపు ఒకటి వెళ్తోంది. ‘ఎలక్ట్రీషియన్ కడ్డీని జరిపాడు’ అని రాయాలనిపిస్తుంది. మీరు జరపడం చూశారా? చూడలేదు. చూసింది మాత్రమే రాయండి:

‘ఉదయం 10.40. రెండో అంతస్తు స్లాబు, డ్రాయింగులోని బి-సి గీతల మధ్య, 3వ గీత వైపు. కింది కడ్డీలు. 10 సందులు కలిపి 1,540 మి.మీ., ఒక సందు 210. ఆ సందులో కరెంటు పైపు ఉంది. పక్క కడ్డీకి రెండు కూడళ్ల దగ్గర బైండింగ్ వైరు లేదు. ఫొటోలు 14, 15.’

డ్రాయింగ్ నంబరు, దాని సవరణ సంఖ్య పుట పైభాగంలో ముందే రాసి ఉంచాలి. పాత సవరణతో పోల్చి తప్పు పట్టిన ఇంటర్న్‌లు నాకు తెలుసు. 14వ ఫొటోలో చోటు గుర్తుపట్టేలా స్తంభం కూడా రావాలి. 15వది దగ్గరి నుంచి, టేపు అంకెలు చదవగలిగేలా తీయాలి. అంకె తప్పు రాస్తే చెరపకుండా ఒక గీత కొట్టి, పక్కన సరైనది రాసి పొట్టి సంతకం పెట్టండి.

కడ్డీని మీరే సర్దకండి, మేస్త్రికి నేరుగా పురమాయించకండి. సైటు ఇంజినీరుకు చూపి, ఆయన చెప్పిందీ, చెప్పిన సమయమూ ఆ నమోదు కింద చేర్చండి. సరిచేశాక మళ్లీ కొలిచి, పాత నమోదును కదపకుండా కొత్త నమోదు రాయండి. అయితే మేకులు లేని పలక లాంటిది కనిపిస్తే ఈ క్రమం వర్తించదు. ముందు దగ్గర్లో ఉన్నవారిని కేకేసి ఆపి ఇంజినీరుకు చెప్పండి, రాయడం తర్వాత.

అభ్యాసం: నేల మీద 11 పెన్సిళ్లు పరిచి, ఒకదాన్ని కావాలని జరిపి, పై పద్ధతిలో ఒక నమోదు రాయండి. వచ్చే పాఠంలో కాంక్రీటు పోసే రోజు, అది ఎంత జారుగా ఉందో చెప్పే స్లంప్ కొలతను ఎలా నమోదు చేయాలో చూద్దాం.