మార్కుల సరాసరి మోసం చేస్తుంటే

యూనిట్ టెస్ట్ అయ్యాక క్లాసు సరాసరి చూస్తే టెన్షన్. తీరా పేపర్లు తిరగేస్తే చాలామంది బాగానే రాసి ఉంటారు.

మొన్న నా ట్యూషన్ పిల్లలు 11 మందికి 50కి వచ్చిన మార్కులివి: 0, 4, 28, 34, 35, 36, 36, 37, 38, 40, 42. మొత్తం 330, సరాసరి 30. కానీ 8 మందికి 34, ఆపైనే వచ్చాయి. 0, 4 వచ్చిన ఇద్దరే సరాసరిని కిందికి లాగేశారు.

ఇలా మార్కులు ఒక పక్కకు సాగిపోయినప్పుడు మధ్యగతం చూడండి. చిన్న మార్కు నుంచి పెద్దదాకా వరుసగా రాసి, సరిగ్గా నడిమి మార్కు తీసుకోవడమే. 11 మందిలో ఆరోది, అంటే 36. పిల్లలు సరిసంఖ్యలో ఉంటే నడిమి రెండింటినీ కలిపి సగం చేయాలి. ఎక్సెల్ షీట్‌లో B2 నుంచి B12 దాకా మార్కులు వేసుకుంటే `=MEDIAN(B2:B12)` చాలు. టెస్టుకు రానివాళ్లకు 0 వేయకుండా గడి ఖాళీగా వదలండి, లేకపోతే ఆ సున్నా కూడా లెక్కలోకి వస్తుంది.

బాహుళకం, అంటే ఎక్కువమందికి వచ్చిన మార్కు, ఇక్కడ కూడా 36. అయితే ఇద్దరికి ఒకే మార్కు రావడం యాదృచ్ఛికం కావచ్చు, చిన్న క్లాసులో దాన్ని నేను పట్టించుకోను.

ఒక్క జాగ్రత్త: క్లాసు రెండుగా చీలితే, అంటే ఐదుగురికి 10 దగ్గర, ఆరుగురికి 40 దగ్గర వస్తే, మధ్యగతం 40 దగ్గరే నిలబడి ఆ ఐదుగురినీ దాచేస్తుంది. అప్పుడు రెండు గుంపులనూ విడివిడిగా రాసుకోవాలి.